గడ్డి మేపడానికి ఏ పెద్దబాతు? చైనీస్, పిల్‌గ్రిమ్, భారీ జాతుల మధ్య ఎంపిక

పండ్ల చెట్ల కింద అర ఎకరమో ఎకరమో గడ్డి ఉంది. కోయించడం విసుగు, మందు కొట్టడం ఇష్టం లేదు. మేకను వదిలితే చెట్లు మిగలవు. ఈ పరిస్థితిలో చాలామంది పెద్దబాతుల వైపు చూస్తారు, అది మంచి ఆలోచనే. కోళ్ళు, మామూలు బాతులు గడ్డిని రుచి చూస్తాయి, పెద్దబాతు గడ్డి మీదే బతుకుతుంది. చిక్కల్లా తర్వాత మొదలవుతుంది. ఏ జాతి, ఎన్ని, ఏడాదంతా ఉంచాలా, ఒక్క సీజన్‌కేనా?

చిన్న పొలానికి పనికొచ్చే జాతుల్ని మూడు రకాలుగా చూడొచ్చు. తేలికపాటి చైనీస్, మధ్యస్థంగా ఉండే పిల్‌గ్రిమ్, భారీగా పెరిగే ఎంబ్డెన్, టూలూజ్. ముక్కు మొదట్లో బుడిపె ఉండే చైనీస్, ఆఫ్రికన్ జాతులు ఆసియా అడవి పెద్దబాతు నుంచి వచ్చాయి. బుడిపె లేని మిగతావి యూరప్ బూడిదరంగు పెద్దబాతు సంతతి. గొంతు, గుడ్లు, చురుకుదనంలో కనిపించే తేడాలు చాలావరకు ఈ రెండు వంశాల నుంచి వచ్చినవే.

## ముందు చూడాల్సింది గడ్డిని

చాలామంది గుడ్ల లెక్క చూసి జాతిని ఎంచుకుంటారు. నేనైతే గడ్డితో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

పెద్దబాతు మేస్తుంటే దగ్గరగా కూర్చుని చూడండి. ముక్కు అంచుల్లో రంపం పళ్ళలాంటి గరుకు గాట్లుంటాయి. గడ్డి కొసను వాటి మధ్య బిగించి, మెడను వెనక్కి గుంజి తెంపుతుంది. లేత గడ్డి చటుక్కున తెగుతుంది. ముదిరిన కాడ తెగక జారుతుంది. రెండు మూడుసార్లు గుంజి వదిలేసి పక్కకు వెళ్ళిపోతుంది. అందుకే వీటికి 5 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తున్న లేత గడ్డి కావాలి. మోకాలెత్తు పెరిగాక బాతుల్ని వదిలితే తినే దానికన్నా తొక్కేదే ఎక్కువ. పొడుగు పీచు గడ్డిని బలవంతంగా మింగితే ఒక్కోసారి అది గొంతు సంచిలో ఉండలా చుట్టుకుని ఇరుక్కుంటుంది కూడా. అలాంటి చోట ముందు ఒకసారి కోయించి, కొత్త చిగురు వచ్చాక వదలాలి.

ఏం తింటుంది, ఏం తినదు అన్నది కూడా తెలిసి ఉండాలి. గరిక, తుంగ, లేత గడ్డిజాతి కలుపు, క్లోవర్ ఇష్టంగా తింటుంది. వెడల్పాకు కలుపులో చాలా మొక్కల్ని ముట్టదు. పత్తి, స్ట్రాబెరీ చేలల్లో కలుపు తీయడానికి వీటిని వాడింది ఈ అలవాటు వల్లే. అంటే మీ తోటలో ఉన్నది ఎక్కువగా వెడల్పాకు కలుపే అయితే ఏ జాతి తెచ్చినా అది అలాగే ఉంటుంది, పైగా పోటీగా ఉన్న గడ్డి పోవడంతో ఇంకా పెరుగుతుంది.

ఇంకో సంగతి. పెద్దబాతుకు ఆవులా పీచును పులియబెట్టి అరిగించుకునే పొట్ట లేదు. గడ్డి రెండు మూడు గంటల్లో లోపలి నుంచి బయటికి వచ్చేస్తుంది. కందనకాయలో నలిగిన ఆకుల రసమే దానికి తిండి, పీచులో ఎక్కువ భాగం రెట్టలో పోతుంది. అందుకే పగలంతా మేస్తూనే ఉంటుంది, పగలంతా రెట్ట వేస్తూనే ఉంటుంది. ఇలా గడ్డి నుంచి పిండుకోగలిగిన శక్తికి ఒక హద్దుంది. 5 కిలోల శరీరం ఆ హద్దులో హాయిగా బతుకుతుంది. 10 కిలోల శరీరానికి గింజ తోడు కావాలి. జాతుల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది.

గడ్డి తర్వాత చూడాల్సినవి మూడు: నీళ్ళు ఎంత ఉన్నాయి, ఇరుగుపొరుగు ఎంత దగ్గర, గుడ్లు తినడానికా పొదిగించడానికా.

## పక్కపక్కన పెడితే

| చూసే విషయం | చైనీస్ | పిల్‌గ్రిమ్ | ఎంబ్డెన్, టూలూజ్ |
|---|---|---|---|
| పెద్దయ్యాక బరువు | 4.5–5.5 కిలోలు | 6 కిలోలు, కాస్త అటూ ఇటూ | 8–12 కిలోలు |
| ఏడాదికి గుడ్లు | 40–65 | 30–45 | 25–40 |
| మేత | చురుకు, దూరం తిరుగుతుంది | నిదానం, బాగా మేస్తుంది | తక్కువ తిరుగుతుంది, గింజ అడుగుతుంది |
| గొంతు | చాలా ఎక్కువ | తక్కువ | మధ్యస్థం |
| ఒక మగదానికి పెట్టలు | 4–6 | 3–4 | 2–3 |
| ఈతకు నీళ్ళు | తొట్టె చాలు | తొట్టె చాలు | చిన్న కుంటైనా ఉంటే మేలు |

ఈ అంకెలు జాతికి మామూలుగా చెప్పేవి. ఒకే జాతిలోనూ ఒక మందకూ మరో మందకూ చాలా తేడా ఉంటుంది. ముఖ్యంగా టూలూజ్‌లో ప్రదర్శనల కోసం పెంచిన, గొంతు కింద చర్మం వేలాడే రకం ఒకటి, పొలాల్లో పెంచే తేలికపాటి రకం ఇంకొకటి. మేతకు మొదటిది వద్దే వద్దు.

## చైనీస్

కలుపు తీయడమే మీ పని అయితే ఇదే. ఒళ్ళు తేలిక, మెడ పొడుగు, కాలు కదలకుండా ఒక చోట ఉండదు. చెట్ల మొదళ్ళ చుట్టూ, కంచె వారల్లో, మిగతా జాతులు పట్టించుకోని మూలల్లో కూడా గడ్డి వెతుక్కుంటుంది. గింజ తక్కువతో నెట్టుకొస్తుంది. గుడ్లు కూడా వీటివే ఎక్కువ.

దీని మూల్యం గొంతు. కొత్త మనిషి, కుక్క, గాలికి ఊగే గోనెపట్టా, ఏది కనిపించినా అరుస్తుంది. ఒకటి మొదలుపెడితే మందంతా అందుకుంటుంది. ఇల్లు పొలానికి దూరంగా ఉంటే ఇది కాపలా. పక్క ఇంటి కిటికీ 30 మీటర్ల దూరంలో ఉంటే ఇది రోజూ గొడవ. ఆ అరుపును తగ్గించే శిక్షణ ఏదీ లేదు, కాబట్టి కొనే ముందే తేల్చుకోవాలి. తేలిక కాబట్టి పరుగెత్తి రెక్కలు కొట్టి ఒక మీటరు కంచె దాటే అవకాశమూ ఉంది. ఒక పక్క రెక్క ఈకల కొసలు కత్తిరిస్తే సరిపోతుంది, మళ్ళీ ఈకలు మార్చుకున్నాక ఇంకోసారి కత్తిరించాలి.

పొదుగుడులో కొన్ని చైనీస్ పెట్టలు నిలకడగా కూర్చోవు. పిల్లలు కావాలంటే ఇంక్యుబేటరో, పొదిగే అలవాటున్న మరో పెట్టో ఉండాలి.

## పిల్‌గ్రిమ్

దీనికున్న గొప్ప సౌలభ్యం ఒకటుంది. మగది తెలుపు, పెట్ట బూడిదరంగు. పిల్లగా ఉన్నప్పుడే లేత పసుపు ఛాయలో ఉంటే మగది, ముదురు బూడిద ఛాయలో ఉంటే ఆడది అని చెప్పేయొచ్చు. మిగతా జాతుల్లో ఆడా మగా తేల్చడం అనుభవం ఉన్నవాళ్ళకూ టెన్షనే. నాలుగు పిల్లల్ని తెచ్చి పెంచాక మూడు మగవని తేలితే వచ్చే వసంతంలో అవి ఒకదాన్నొకటి రెక్కలతో కొట్టుకుంటాయి. తక్కువ సంఖ్యలో పెంచేవాళ్ళకు ఈ ఒక్క కారణం చాలు దీన్ని ఎంచుకోవడానికి.

స్వభావం శాంతం, పెట్టలు గుడ్ల మీద బాగా కూర్చుంటాయి, పిల్లల్ని చక్కగా తిప్పుకుంటాయి. చైనీస్ అంత చురుగ్గా మూలలు వెతకవు కానీ, గడ్డి మీద బరువు నిలబెట్టుకుంటాయి. లోటల్లా దొరకడంలో. చాలా చోట్ల అసలు సిసలు పిల్‌గ్రిమ్ దొరకడం కష్టం. తెల్ల మగ, బూడిద పెట్ట అని చెప్పి కలగాపులగం మందను అమ్ముతారు. తల్లిదండ్రుల్ని చూడకుండా పిల్లల్ని కొనొద్దు. పెట్ట ముఖం మీద కాస్త తెల్ల ఈకలు ఉండటం ఈ జాతి గుర్తు.

## ఎంబ్డెన్, టూలూజ్

ఇవి మాంసానికి పెంచిన జాతులు. మేతకు పనికిరావని కాదు, వాటి ఒంటికి కావాల్సినది గడ్డి ఒక్కటే ఇవ్వలేదు. గడ్డి పల్చబడ్డ నెలల్లో గింజ పెట్టకపోతే రొమ్ము ఎముక చేతికి కత్తిలా తగులుతుంది. ఎక్కువ పెడితే కొవ్వు పట్టి గుడ్లలో బీజం పడదు. ఈ రెంటి మధ్య నడపడానికి రోజూ చూసుకునే ఓపిక కావాలి. బరువు వల్ల నేల మీద జత కట్టడమూ కష్టమవుతుంది, అందుకే కుంట ఉంటే పొదిగే గుడ్లు ఎక్కువ అవుతాయి. చైనీస్, పిల్‌గ్రిమ్‌లకు అలాంటి ఇబ్బంది పెద్దగా లేదు.

గుడ్డు పెద్దది, 170 గ్రాముల దాకా ఉంటుంది. పిల్ల వేగంగా బరువెక్కుతుంది. మాంసం కూడా మీ లెక్కలో ఉంటే ఇవి సరైనవే. తోటలో గడ్డి తగ్గించడం మాత్రమే కావాలంటే గింజ ఖర్చు పెట్టి గడ్డి కోయించినట్టు అవుతుంది.

## మేత, దాణా: పిల్లల దగ్గర జాగ్రత్త

మూడు జాతులకూ వర్తించే విషయం ఇది, భారీ జాతులకు మరీ ఎక్కువగా. మొదటి మూడు వారాలు 20 శాతం మాంసకృత్తులున్న స్టార్టర్ దాణా పెట్టాలి, ఆ తర్వాత 15 శాతానికి దింపాలి. కోడిపిల్లల దాణా తప్ప ఇంకేదీ దొరకకపోతే మందు కలపనిదే కొనాలి. ఇందులో నియాసిన్ అనే విటమిన్ బాతుపిల్లలకు సరిపోదు కాబట్టి బ్రూవర్స్ ఈస్ట్ కలుపుతారు. అది తగ్గితే పిల్ల కాళ్ళు వంకరపోతాయి, మడమల మీద కూలబడుతూ నడుస్తుంది.

దాణా ఎక్కువైతే ఇంకో తప్పు జరుగుతుంది. రెక్కలో పెద్ద ఈకలు మొలిచే వయసులో, అంటే నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం మధ్య, ఈకలు ఎముక కన్నా వేగంగా పెరుగుతాయి. రక్తంతో నిండిన ఆ ఈకల బరువుకు రెక్క చివరి కీలు బయటికి తిరిగిపోతుంది. దీన్నే ఏంజెల్ వింగ్ అంటారు. రెక్క ముడిచినప్పుడు కొస ఒంటికి అంటుకోకుండా పక్కకు పొడుచుకొస్తే అదే. మొదట్లోనే గుర్తించి, గింజ తగ్గించి, గడ్డి మీదికి వదిలి, రెక్కను సహజమైన మడతలో కొన్ని రోజులు మెత్తటి పట్టీతో కట్టి ఉంచితే సర్దుకుంటుంది. ఎదిగాక ఇక సరిచేయలేం.

పెద్దవాటికి గడ్డి బాగున్నప్పుడు గింజ అవసరం దాదాపు ఉండదు. గడ్డి మందగించిన నెలల్లో ఒక్కోదానికి రోజుకు 150 నుంచి 200 గ్రాములు సాయంత్రం షెడ్డు దగ్గర పెడితే, ఇంటికి రావడమూ అలవాటవుతుంది. గుడ్ల కాలానికి నెల ముందు నుంచి పెట్టలకు లేయర్ దాణా, విడిగా గుల్లల పొడి ఉండాలి. కందనకాయ పనిచేయడానికి గరుకు ఇసుకో చిన్న రాళ్ళో ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి.

## గుడ్లు

పెద్దబాతు ఏడాదంతా పెట్టదు. పగటి పొద్దు పెరుగుతున్న కాలంలో మొదలుపెట్టి, సుమారు రోజు విడిచి రోజు పెడుతూ, కొన్ని నెలల్లో ఆపేస్తుంది. రోజూ టేబుల్ మీద గుడ్డు కావాలంటే కోళ్ళే పెంచుకోండి. మొదటి ఏడాది గుడ్లు చిన్నవి, చాలావాటిలో బీజం ఉండదు. రెండో ఏడాది నుంచి బాగుంటాయి. మంచి పెట్ట చాలా ఏళ్ళు పెడుతుంది, ఈ విషయంలో కోడి దీనికి సాటి రాదు. పొదుగుడుకు జాతిని బట్టి 28 నుంచి 34 రోజులు. తేలిక జాతులు ముందు, భారీవి తర్వాత.

## ఇల్లు, నీళ్ళు

షెడ్డు విషయంలో జాతుల మధ్య పెద్ద తేడా లేదు. వీటికి కొమ్మలూ దండేలూ అక్కర్లేదు, నేల మీదే పడుకుంటాయి. ఒక్కోదానికి ఒక చదరపు మీటరు పొడి నేల, మీద గడ్డో పొట్టో పరుపుగా వేసి, తడిసినప్పుడల్లా మార్చాలి. చలి, వాన వీటిని పెద్దగా బాధించవు. రాత్రి వచ్చే కుక్క, నక్క మాత్రం మందనే తుడిచిపెట్టేస్తాయి. అందుకే తలుపు గట్టిదై ఉండాలి, రోజూ చీకటి పడేలోపు మూయాలి. ఎండ కాలంలో నీడ లేని మైదానంలో వదిలితే నోరు తెరిచి రొప్పుతాయి, భారీ జాతులు ముందుగా.

నీళ్ళ తొట్టె లోతు ముఖ్యం. తల కళ్ళ పైదాకా ముంచగలగాలి. కళ్ళు, ముక్కు రంధ్రాలు శుభ్రం చేసుకునేది అలాగే. లోతులేని పళ్ళెంలో నీళ్ళు పెడితే కొన్నాళ్ళకు కళ్ళ చుట్టూ పుసి కడుతుంది. తొట్టె చుట్టూ మాత్రం బురద ఖాయం, వారానికోసారి చోటు మార్చండి.

## కోపం ఎప్పుడు, ఎందుకు

మగ పెద్దబాతు కొరుకుతుందని భయపెట్టేవాళ్ళు చాలామంది. ఏడాదిలో ఎక్కువ కాలం అది బెదిరింపే. మెడ నేలకు సమాంతరంగా సాచి, బుసకొట్టి, నాలుగడుగులు ముందుకొచ్చి ఆగుతుంది. పెట్టలు గుడ్లు పెట్టే కాలంలో, పిల్లలు ఉన్నప్పుడు మాత్రం నిజంగానే మీదికొస్తుంది. కరిచి పట్టుకుని రెక్క కణుపుతో కొడుతుంది, ఆ దెబ్బ గట్టిగానే తగులుతుంది. వెనక్కి తిరిగి పరుగెత్తితే గెలిచాననుకుని తరువాత రోజు ఇంకా దూరం తరుముతుంది. కదలకుండా నిలబడి, చేతులు పక్కలకు చాచి, దాని వైపు నిదానంగా ఒక అడుగు వేస్తే చాలావరకు ఆగుతుంది. కర్రతో కొట్టొద్దు, పగ పెంచుకుంటుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే నా సలహా పిల్‌గ్రిమ్. అది కుదరకపోతే మగది లేకుండా పెట్టల్ని మాత్రమే పెంచండి. మగది లేకున్నా గుడ్లు పెడతాయి, వాటి నుంచి పిల్లలు రావు అంతే.

## ఒక అర ఎకరం తోట లెక్క

అర ఎకరం అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. చెట్ల మొదళ్ళు, దారి, షెడ్డు తీసేస్తే గడ్డి 1,500 చదరపు మీటర్లు అనుకుందాం. ఎన్ని బాతులు పడతాయో ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. ఒక చదరపు మీటరు గడ్డిని 5 సెంటీమీటర్లకు కోసి, చుట్టూ జాలీ వేసి వదిలేయండి. పది రోజుల తర్వాత మళ్ళీ అదే ఎత్తుకు కోసి తూచండి.

ఏపుగా పెరిగే కాలంలో 150 గ్రాములు వచ్చిందనుకోండి. రోజుకు చదరపు మీటరుకు 15 గ్రాములు, మొత్తం తోటకు 22 కిలోల చిల్లర. ఇందులో సగం తొక్కుడుకూ రెట్టకూ పోతుందని వదిలేయాలి. మిగిలిన 11 కిలోలు. ఒక తేలిక జాతి బాతు రోజుకు ఒకటిన్నర కిలోల పచ్చిగడ్డి తింటుందనుకుంటే 7 బాతులకు సరిపోతుంది.

గడ్డి మందగించిన నెలలో అదే కొలత 60 గ్రాములకు పడిపోయింది. అదే లెక్కన చేతికొచ్చేది నాలుగున్నర కిలోలు, అంటే 3 బాతులు. ఏడు తెచ్చినవాళ్ళు ఈ నెలలో నాలుగింటికి గింజ కొనాలి, లేదా వేర్ల దాకా కొరికేసిన బోడి నేలను చూడాలి.

అందుకని ఏడాదంతా ఉంచే సంఖ్యను మంచి నెలను చూసి కాదు, చెడ్డ నెలను చూసి నిర్ణయించండి. ఈ తోటకు ఒక మగది, రెండు పెట్టలు. గడ్డి ఎదిగే కాలంలో మిగిలే మేతకు వాటి పిల్లలో, కొని తెచ్చిన పిల్లలో నాలుగైదు. గడ్డి తగ్గేలోపు ఆ పిల్లల్ని అమ్మేయాలి. భారీ జాతి అయితే ఒక్కోటి రెండు కిలోల పైనే తింటుంది, చెడ్డ నెలలో రెండిటికే సరిపోతుంది, దానికీ గింజ తోడు కావాలి.

ఈ 1,500 మీటర్లను నాలుగు భాగాలు చేసి, గడ్డి 4–5 సెంటీమీటర్లకు దిగగానే పక్క భాగానికి మార్చాలి. మేసి వదిలిన భాగానికి మూడు నాలుగు వారాల విరామం దొరుకుతుంది. దీనికి గడ్డి ఒక్కటే కారణం కాదు. కందనకాయలో చేరే సన్నటి పురుగు ఒకటి రెట్టతో బయటపడి, గడ్డి మీది నుంచి పిల్లల పొట్టలోకి వెళుతుంది. పెద్దవి తట్టుకుంటాయి. పిల్లలైతే తింటూనే చిక్కిపోతాయి, మంద వెనక ఈడ్చుకుంటూ నడుస్తాయి. పెద్దవి ఈ సీజన్‌లో మేయని భాగాన్ని పిల్లలకు విడిచిపెట్టడం అన్నిటికన్నా మంచి నివారణ. అనుమానం వస్తే రెట్ట పరీక్ష చేయించి, పశువైద్యుడు చెప్పిన మందే వేయండి.

చెట్లకు కూడా కాపలా కావాలి. గడ్డి తగ్గితే లేత చెట్ల బెరడు కొరుకుతాయి. మొదలు చుట్టూ 75 సెంటీమీటర్ల దాకా జాలీ చుట్టండి. చెట్లకు మందు కొట్టినప్పుడు ఆ డబ్బా మీద రాసిన గడువు అయ్యేదాకా ఆ భాగంలోకి వదలొద్దు. తోటలో అవకాడో ఉంటే ఆకులు, కాయలు అందకుండా చూడాలి, పక్షులకు అది విషం.

## ఎవరికి ఏది

కలుపు తీయడం ముఖ్యం, ఇరుగుపొరుగు దూరం: చైనీస్. కొత్తగా మొదలుపెడుతున్నారు, ఇంట్లో పిల్లలున్నారు, మీ మందలోనే పిల్లలు కావాలి: పిల్‌గ్రిమ్, నికార్సైనది దొరికితే. మాంసం అమ్మకం ఉంది, కుంట ఉంది, దాణా చవకగా వస్తుంది: ఎంబ్డెన్ లేదా పొలం రకం టూలూజ్.

ఏడాదిలో మూడు నాలుగు నెలలు గడ్డి పూర్తిగా ఎండిపోయే చోట ఏ జాతినీ శాశ్వతంగా ఉంచమని చెప్పను. వానలతో పాటు నెల వయసు చైనీస్ పిల్లల్ని ఆరేడు తెచ్చి, గడ్డి తగ్గేదాకా మేపి అమ్మేయడం మేలు. గుడ్లు రావు, అరుపూ కొన్ని నెలలే. కూరగాయల మడుల మధ్య వదలాలనుకునేవాళ్ళు మాత్రం ఆగండి. గడ్డి అయిపోగానే లేత పాలకూర, క్యాబేజీ వాటికి గడ్డికన్నా రుచి.

ఒంటరిగా ఒక్కదాన్ని ఎప్పుడూ తేవొద్దు, రోజంతా అరుస్తూ మేత మానేస్తుంది. కొనేటప్పుడు రొమ్ము ఎముకను వేళ్ళతో తడిమి చూడండి, రెక్కలు మడతపడ్డాక కొసలు ఒంటికి అంటుకున్నాయో లేదో చూడండి, కళ్ళ చుట్టూ పుసి లేకుండా ఉండాలి. చైనీస్‌లో ఆడా మగా తేల్చాలంటే ఎదిగినవాటిని కాసేపు అరవనివ్వండి. గొంతు సన్నగా, పైస్థాయిలో ఉంటే మగది, బొంగురుగా కిందిస్థాయిలో ఉంటే పెట్ట. మగదాని ముక్కు బుడిపె కూడా పెద్దగా ఉంటుంది.